పండుగకు చేరని అబాయా: చేతిలో లేని సరుకుకు తేదీ ఇవ్వడం ఎలా?

2025 మార్చి 24, రంజాన్ 23వ ఉపవాసం. అస్ర్ నమాజు ముగించుకుని ఇఫ్తారు పనుల్లో ఉండగా మా ఫోను మోగింది. అనంతపురం జిల్లాలోని ఒక చిన్న ఊరినుంచి ఒక తల్లి మాట్లాడింది. పెళ్లయ్యాక తొలి ఈదుకు పుట్టింటికి వస్తున్న కూతురి కోసం ఆమె ఫిబ్రవరిలోనే మా వద్ద ఒక బూడిదరంగు అబాయాకు పూర్తి సొమ్ము చెల్లించింది. మార్చి 5న పంపుతామని మేము మాట ఇచ్చాము. ఆ తేదీ దాటి పందొమ్మిది రోజులు గడిచాయి. ఆమె కోపగించుకోలేదు. ఒక్కటే అన్నది: "ఆపా, ఆలస్యమవుతుందని ఆ రోజే చెప్పి ఉంటే ఇక్కడే ఏదో ఒకటి కుట్టించుకునేవాళ్ళం కదా! ఇప్పుడు ఏ దర్జీ తీసుకుంటాడు?"

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేకపోయింది. ఆమెకు జరిగిన నష్టం పద్నాలుగు వందల రూపాయలది కాదు. వేరే మార్గం వెతుక్కునే వ్యవధిని మేము ఆమెనుంచి తీసివేశాము. నష్టమంటే అది.

ఇంటి పట్టున ఉండి అబాయాలు, హిజాబులు, జానమాజులు విక్రయించే కుటుంబాలు నేడు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. వాట్సాప్ స్టేటస్‌లో ఒక ఫోటో పెట్టడం, ఆర్డర్లు రావడం, ఆ తర్వాతే బట్ట తెప్పించడం వీరిలో చాలామంది పద్ధతి. మాదీ అదే. చేతిలో లేని సరుకుకు ఆర్డరు తీసుకోవడం తప్పా? తప్పు కానప్పుడు, తేదీని ఏ లెక్కతో చెప్పాలి? ఆ రంజాన్‌లో మేము పడిన పాట్లు, వాటినుంచి నేర్చుకున్న లెక్క పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మా లెక్క ఎక్కడ తప్పింది?

ఫిబ్రవరి 10న ఆ బూడిదరంగు నమూనా ఫోటో పెట్టాము. వారం తిరగకుండానే డెబ్బై ఆర్డర్లు వచ్చాయి. ఫిబ్రవరి 12న సూరత్ వ్యాపారికి నిదా బట్ట చెప్పాము. "పది రోజుల్లో మీ చేతిలో ఉంటుంది" అన్నాడు. అంటే ఫిబ్రవరి 22. మా వద్ద కుట్టే సోదరీమణులు ముగ్గురు. ముగ్గురూ కలిసి రోజుకు ఎనిమిది అబాయాలు కుడతారన్నది మా అంచనా. డెబ్బై అబాయాలకు తొమ్మిది రోజులు, ఇస్త్రీకి, ప్యాకింగుకు రెండు రోజులు. మొత్తం కలిపితే మార్చి 5 వచ్చింది. ఆ తేదీనే డెబ్బైమందికీ చెప్పాము.

కూడికలో తప్పు లేదు. కూడిన అంకెలే తప్పు. బట్ట పది రోజులకు కాక పందొమ్మిది రోజులకు, మార్చి 3న వచ్చింది. అప్పటికి రంజాన్ మొదలైంది. సహరీకి లేచి, ఉపవాసంతో, ఇంటి వంట చూసుకుని వచ్చే స్త్రీలు రోజుకు ఎనిమిది కుట్టలేరు. అయిదు కుట్టారు. శుక్రవారం పని లేదు. ఆ పైన, వచ్చిన బట్టలో డెబ్బై మీటర్లకు పైగా మరో ఛాయలో ఉంది. ఒకే రంగు పేరుతో రెండు వేర్వేరు అద్దకాల తానులు కలిపి పంపారు. పగటి వెలుతురులో పక్కపక్కన పరిస్తే గానీ ఆ తేడా తెలియదు. ఆ బట్టతో కుట్టవలసిన పద్దెనిమిది అబాయాలకు మళ్ళీ బట్ట తెప్పించేసరికి మార్చి 20 అయింది.

మొదటి యాభై రెండు అబాయాలు మార్చి 16 నాటికి సిద్ధమై, ఆలస్యంగానైనా పండుగకు ముందే చేరాయి. మిగిలిన పద్దెనిమిదీ మార్చి 26, 27 తేదీల్లో పంపగలిగాము. ఆ ఏడు మన దేశంలో ఉపవాసాలు ఇరవై తొమ్మిదే అయ్యాయి. మార్చి 31న ఈదుల్ ఫిత్ర్ జరిగింది. ముప్పై రోజుల లెక్కతో ఏప్రిల్ 1వరకు గడువుందని అనుకున్న మాకు ఆ ఒక్క రోజూ దక్కలేదు. ఏడు పొట్లాలు పండుగ తర్వాత చేరాయి. వాటిలో అనంతపురం జిల్లా పొట్లం ఒకటి.

వీటన్నిటికన్నా పెద్ద తప్పు మరొకటి ఉంది. బట్ట రాలేదని మాకు ఫిబ్రవరి 22నే తెలుసు. రెండు ఛాయల సంగతి మార్చి 4న తెలిసింది. అయినా అడిగినవారికల్లా "ఇన్షా అల్లాహ్, రెండు రోజుల్లో" అంటూ వచ్చాము. దైవచిత్తాన్ని స్మరించే పవిత్ర వచనాన్ని మా లెక్కలేనితనానికి ముసుగుగా వాడుకున్నాము. శాయశక్తులా లెక్కచూసి, ఆపై ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగిస్తూ పలకవలసిన మాట అది. లెక్క చూడకుండా పలికితే, వినేవారు దాన్ని "నమ్మకం లేదు" అనే అర్థంలోనే తీసుకుంటారు.

షరీఅత్ ఏ హద్దులు గీసింది?

పండుగ గడిచాక మేము ముందుగా మా ఊరి ఆలిమ్ గారి వద్దకు వెళ్ళాము. వారు వివరించిన విషయాలు మా కళ్ళు తెరిపించాయి.

తన వద్ద లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (సఅసం) హకీమ్ బిన్ హిజామ్ (రజి)కు బోధించిన హదీసును అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలు పేర్కొన్నాయి. ఎవరో వచ్చి ఫలానా వస్తువు కావాలని అడగగా, తన దగ్గర లేకపోయినా బేరం కుదుర్చుకుని, ఆనక బజారులో కొని ఇవ్వవచ్చా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. నేడు ఇతరుల దుకాణంలోని సరుకు ఫోటో పెట్టి, తనదే అన్నట్లు ధర చెప్పి సొమ్ము తీసుకునే పద్ధతి సరిగ్గా దీనికిందికే వస్తుంది.

అయితే ముందస్తు వ్యాపారానికి ఇస్లాం తలుపు మూయలేదు. దైవప్రవక్త (సఅసం) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి ప్రజలు ఏడాది, రెండేళ్ళ తర్వాత అందే పండ్లకు ముందుగానే సొమ్ము చెల్లిస్తుండేవారని ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. ఆయన (సఅసం) దాన్ని నిషేధించలేదు. కొలత, తూకం, గడువు మూడూ ముందే తెలిసి ఉండాలని షరతు పెట్టారు. ఇదే 'సలమ్' ఒప్పందం. ఇందులో సరుకు తర్వాత వస్తుంది కాబట్టి ధర మాత్రం ఒప్పందవేళే పూర్తిగా చెల్లించాలి. సరుకు రకం, నాణ్యత, పరిమాణం తేటతెల్లంగా వర్ణించాలి. ఫలానా తోటలోని పండ్లే అన్నట్లు ఒక నిర్దిష్ట వస్తువుకు ముడిపెట్టరాదు. ఎందుకంటే ఆ తోట కాయకపోవచ్చు.

కొలతలిచ్చి కుట్టించుకునే అబాయా వంటివి 'ఇస్తిస్నా' ఒప్పందం కిందికి వస్తాయి. తయారీదారు తన బట్టతో, తన పనితో ఒక వస్తువును చేసి ఇవ్వడం ఇందులోని మూలం. హనఫీ ధర్మవేత్తలు దీన్ని ప్రత్యేక ఒప్పందంగా గుర్తించారు. ఇందులో ధరను ముందే చెల్లించవచ్చు, విడతలుగానూ చెల్లించవచ్చు. 1992లో జిద్దా సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా దీన్ని ఇరుపక్షాలూ కట్టుబడవలసిన ఒప్పందంగా పేర్కొంటూ, వస్తువు వివరాలు, గడువు తప్పక నిర్ణయమై ఉండాలని తీర్మానించింది.

ఈ రెండింటిలోనూ గడువు అలంకారప్రాయం కాదు. అది ఒప్పందంలో భాగం. సలమ్‌లో గడువు వచ్చేసరికి సరుకు దొరకకపోతే, వేచి ఉండడమా, తన సొమ్ము వాపసు తీసుకోవడమా అన్న నిర్ణయం కొనుగోలుదారునిదని ధర్మవేత్తల్లో అత్యధికులు చెప్పారు. మేము చేసిన అన్యాయం ఏమిటో ఇక్కడ అర్థమైంది. ఆ తల్లికి దక్కవలసిన నిర్ణయాధికారాన్ని మౌనంగా మేమే వాడేసుకున్నాము.

దేశ చట్టం దృష్టి కూడా ఇదే. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం, మార్కెట్‌ప్లేస్ వెబ్‌సైట్ల ద్వారా అమ్మే విక్రేత, తాను చెప్పిన గడువు దాటి చేరిన సరుకును కొనుగోలుదారు తిప్పి పంపితే నిరాకరించరాదు. ఎవరి చేతిలోనూ లేని విపత్తువల్ల ఆలస్యమైతే మాత్రమే మినహాయింపు.

తేదీని పాత చిట్టాలోంచి తీయాలి

ఆలిమ్ గారి వద్దనుంచి వచ్చాక పాత బిల్లులన్నీ ముందేసుకుని కూర్చున్నాము. సూరత్‌నుంచి అంతకుముందు వచ్చిన పది లోడులకు, బట్ట చెప్పిన రోజునుంచి చేతికందిన రోజువరకు ఎన్ని రోజులు పట్టిందో రాశాము: 9, 10, 11, 9, 14, 10, 12, 19, 11, 10.

వ్యాపారి ఎప్పుడూ "పది రోజులు" అనేవాడు. ఆయన అబద్ధమాడలేదు. పదింటిలో అయిదుసార్లు పది రోజులలోపే వచ్చింది. కానీ మిగిలిన అయిదుసార్లు రాలేదు. అంటే ఆయన మాటను మా తేదీగా చెప్పిన ప్రతిసారీ, సగం సందర్భాల్లో మాట తప్పడానికి ముందే సిద్ధపడినట్లు. సగటు తీస్తే పదకొండున్నర రోజులు వస్తుంది. దాన్ని నమ్మినా పదింటిలో మూడుసార్లు తప్పుతాము. అందుకని అంకెలను చిన్నదానినుంచి పెద్దదానికి వరుసగా పేర్చి, తొమ్మిదో అంకెను తీసుకున్నాము. అది 14. పదింటిలో తొమ్మిదిసార్లు బట్ట పద్నాలుగు రోజుల్లో వచ్చేసింది. పందొమ్మిది రోజులు పట్టే ఆ ఒక్కసారికి ఏం చేయాలన్నది వేరుగా ఆలోచించాలి గాని, దాన్నే అందరికీ గడువుగా చెబితే ఎవరూ ఆర్డరు ఇవ్వరు.

కుట్టు వేగానికీ ఇదే పద్ధతి. రోజుకు ఎనిమిది అన్నది కరెంటు పోని రోజున, ముగ్గురూ వచ్చిన రోజున, పిల్లలకు జ్వరాలు లేని రోజున జరిగే పని. కూలి పుస్తకంలో రెండు నెలల లెక్క చూస్తే మామూలు రోజుల్లో సరాసరి ఆరు తేలింది. రంజాన్‌లో అయిదు. ఇకపై మా లెక్కల్లో ఎనిమిది అనే అంకె కనబడదు.

పంపే తేదీ వేరు, చేరే తేదీ వేరు. "మార్చి 5కి వస్తుంది" అని మేమంటే కొందరు ఇంటికి చేరే రోజని, కొందరు కొరియర్‌కు ఇచ్చే రోజని అనుకున్నారు. మన చేతిలో ఉన్నది పంపడం మాత్రమే. అందుకని ఇప్పుడు పంపే తేదీనే హామీగా ఇస్తున్నాము. చేరడానికి ఎన్నాళ్ళు పట్టవచ్చో అనుభవం మీద విడిగా చెబుతున్నాము. మా పాత రసీదుల ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో నాలుగు రోజులు, బయటి రాష్ట్రాలకు ఏడు రోజులు. "వారంలో", "పది పనిదినాల్లో" అనే మాటలు మానివేశాము. క్యాలెండరులో వేలు పెట్టి చూపగల తేదీ మాత్రమే రాస్తున్నాము.

బక్రీదుకు వేసిన లెక్క

ఈ పద్ధతిని తొలిసారి 2025 బక్రీదుకు ఆచరణలో పెట్టాము. పండుగ జూన్ 7న వస్తుందన్న అంచనాతో వెనకనుంచి ముందుకు లెక్కించాము.

అబాయా పండుగకు మూడు రోజుల ముందు, జూన్ 4 నాటికి ఇంట్లో ఉండాలి. పొడవు సరిచేసుకోవలసి వస్తే ఆ మాత్రం వ్యవధి కావాలి. బయటి రాష్ట్రాలకు ఏడు రోజులు కాబట్టి చివరి పొట్లం మే 28న బయలుదేరాలి. ఇస్త్రీకి, ప్యాకింగుకు రెండు రోజులు తీస్తే కుట్టుపని మే 26న ముగియాలి. బట్టను ఏప్రిల్ 28న చెబితే, పద్నాలుగు రోజుల లెక్కన మే 12న అందుతుంది. మే 13నుంచి 26 వరకు పద్నాలుగు రోజులు. రెండు శుక్రవారాలు పోతే పన్నెండు. రోజుకు ఆరు చొప్పున డెబ్బై రెండు అబాయాలు. అందులోంచి రెండు రోజుల పనిని అనుకోని అవాంతరాలకు వదిలి, అరవై ఆర్డర్లకే పరిమితం కావాలని నిర్ణయించుకున్నాము.

అబాయాకు నాలుగు మీటర్ల చొప్పున అరవైకి రెండు వందల నలభై మీటర్లు. మచ్చలు, నేతలోపాలు, ఛాయ తేడాలు ఉంటాయని రెండు వందల అరవై మీటర్లు చెప్పాము. తానులన్నీ ఒకే అద్దకానివై ఉండాలని, కాకపోతే పంపకముందే ఫోను చేయాలని వ్యాపారితో ముందుగా మాట తీసుకున్నాము. బట్ట అందిన రోజే తానులన్నీ మేడ మీద పగటి వెలుతురులో పరచి చూడాలన్నది మా కొత్త నియమం. రాత్రి ట్యూబులైటు వెలుగులో బూడిదరంగులన్నీ ఒకేలా కనిపిస్తాయి.

అరవైమందికీ ఒకే తేదీ చెప్పలేదు. వరుసలో ఎక్కడ ఉన్నారన్నదానిని బట్టి తేదీ మారుతుంది. మొదటి ముప్పైమందికి అయిదు రోజుల కుట్టు. మే 18న ముగిసి, 20న పంపవచ్చు. రెండు రోజులు చేర్చి మే 22 అని చెప్పాము. తర్వాతి ముప్పైమందికి మే 24న కుట్టు ముగిసి, 26న పంపవచ్చు. వారికి మే 28 చెప్పాము. అరవై ఒకటో ఆర్డరునుంచి సొమ్ము తీసుకోలేదు. "బక్రీదుకు అందించలేము, పండుగ తర్వాత జూన్ 20న పంపగలము" అని చెప్పాము. పందొమ్మిదిమందికి ఇలా చెప్పవలసి వచ్చింది. చేతికి వచ్చిన బేరం వదులుకోవడం బాధే. అయినా వారిలో ఆరుగురు జూన్ 20కి ఒప్పుకున్నారు. మిగిలినవారు వేరేచోట కొనుక్కున్నారు. కొనుక్కునే సమయం వారికి మిగిలింది.

ప్రతి ఒక్కరికీ పంపిన సందేశం ఇది: "మీ ఆర్డరు సంఖ్య 34. నిదా బట్ట, బూడిదరంగు, పొడవు 54 అంగుళాలు. ఈ అబాయా ఇంకా కుట్టవలసి ఉంది, సిద్ధంగా లేదు. ఇన్షా అల్లాహ్ మే 28న కొరియర్‌కు ఇస్తాము. హైదరాబాదుకు సాధారణంగా నాలుగు రోజులు పడుతుంది. ఆలస్యమయ్యే సూచన కనిపిస్తే మే 21లోపే తెలియజేస్తాము. అప్పుడు వేచి ఉండాలో, సొమ్ము వాపసు తీసుకోవాలో మీరే నిర్ణయించుకోవచ్చు." వస్తువు వర్ణన, ధర, గడువు రాతపూర్వకంగా ఉండడం కేవలం వ్యాపార జాగ్రత్త కాదు. గడువుతో కూడిన ఇచ్చిపుచ్చుకోవడాలను రాసుకోమని దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో 282వ ఆయతు ఆదేశిస్తున్నది.

ఆలస్యం తెలిసిన రోజే చెప్పాలి

ఈసారి బట్ట పదకొండు రోజులకే, మే 9న వచ్చింది. కానీ కుట్టే సోదరీమణుల్లో ఒకరికి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు. చేర్చుకున్న రోజులు అక్కడ ఆదుకున్నాయి. మొదటి ముప్పై అబాయాలు మే 21న, అంటే చెప్పినదానికి ఒక రోజు ముందే బయలుదేరాయి.

అసలు పరీక్ష మే 20న ఎదురైంది. చేతుల అంచుకు లేసు అడిగిన ఆరు అబాయాల విషయంలో లేసు వ్యాపారి సరుకు మరో పది రోజులు రాదని చెప్పాడు. మునుపటి మేమైతే "ఎలాగో సర్దుకుంటుందిలే" అనుకుని మే 28వరకు మౌనంగా ఉండేవాళ్ళం. ఈసారి అదే సాయంత్రం ఆరుగురికీ ఫోను చేశాము. మూడు మార్గాలు చెప్పాము. లేసు లేకుండా, దాని ధర తగ్గించి, మే 28నే పంపడం ఒకటి. లేసు వచ్చాక జూన్ 2న పంపడం రెండోది. దూరప్రాంతాలవారికి అది పండుగకు అందకపోవచ్చని కూడా చెప్పాము. పూర్తి సొమ్ము ఆ రోజే వాపసు ఇవ్వడం మూడోది. ముగ్గురు లేసు వద్దన్నారు, ఇద్దరు సొమ్ము తీసుకున్నారు, ఒకరు వేచి ఉంటామన్నారు. ఎవరూ నొచ్చుకోలేదు.

ఆలస్యం జరుగుతుందని మనకు తెలిసే క్షణం, గడువు దాటే క్షణం కంటే చాలా ముందుంటుంది. దాన్ని కనిపెట్టడానికి మేము మూడు తేదీలకు గుర్తు పెట్టుకున్నాము: బట్ట రావలసిన రోజు, సగం కుట్టు ముగియవలసిన రోజు, చివరి పొట్లానికి వారం ముందు రోజు. ఆ రోజుల్లో పని ఎక్కడుందో చూస్తే చాలు. బట్ట మే 12కి రాకపోయి ఉంటే, చివరి గడువుకు పదహారు రోజుల ముందే ఆ సంగతి అరవైమందికీ తెలిసేది. పందొమ్మిది రోజులు పట్టే ఆ ఒక్క లోడుకు మా వద్ద ఉన్న జవాబు ఇదే. గడువును పొడిగించడం కాదు, కబురును త్వరపెట్టడం.

వాపసు ఇవ్వాలంటే సొమ్ము చేతిలో ఉండాలి కదా! సలమ్‌లో ముందుగా అందిన ధర విక్రేతదే అవుతుంది, దాన్ని అతను వాడుకోవచ్చు. కానీ సరుకు అందించేవరకు ఆ బాధ్యత రుణంలా మెడమీద ఉంటుంది. మా అబాయా ధర 1,400 రూపాయలు. అందులో బట్టకు 560 అవుతుంది. ఆర్డరు రాగానే ఆ 560 మాత్రమే వాడుతున్నాము. మిగిలిన 840 రూపాయలు వేరే ఖాతాలో, పొట్లం బయలుదేరేవరకు కదలకుండా ఉంటున్నాయి. కుట్టుకూలి కూడా అప్పుడు పూర్తయిన పనినిబట్టి అందులోంచే ఇస్తాము. రంజాన్‌లో మా నోరు మూయించిన కారణాల్లో ఒకటి ఇదే. ఆర్డర్ల సొమ్ము ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. వాపసు అడుగుతారేమోనన్న భయంతో ఆలస్యం సంగతి చెప్పలేకపోయాము.

అయిపోయిన సరుకుకు ఆర్డర్లు

ఇంతవరకు చెప్పింది కుట్టి ఇచ్చే వస్తువు సంగతి. మేము దళసరి జానమాజులు కూడా ఒక టోకు వ్యాపారి వద్ద కొని అమ్ముతాము. అవి అయిపోయాక కూడా అడిగేవారుంటారు. ఇది బ్యాక్‌ఆర్డరు. ఇక్కడ మనం తయారుచేసేది ఏమీ లేదు, ఎవరో పంపాలి. కాబట్టి మరింత జాగ్రత్త అవసరం.

"వస్తాయి లెండి" అని టోకు వ్యాపారి అన్నప్పుడు మేము పేరు, ఫోను నంబరు మాత్రమే రాసుకుంటాము. సొమ్ము తీసుకోము, తేదీ చెప్పము. ఆయన బిల్లు చేసి, లారీ రసీదు నంబరు పంపినప్పుడు "ఈ తేదీకి, ఆ తేదీకి మధ్య రావచ్చు" అని చెబుతాము. అప్పటికీ అది కబురే, అమ్మకం కాదు. సరుకు ఇంటికి చేరి, లెక్కపెట్టుకున్నాక ధర తీసుకుని, మర్నాడే పంపుతాము. ఎక్కువ కాలం సొమ్ము పట్టి ఉంచవలసిన పనే ఉండదు. తన వద్ద లేనిదాన్ని అమ్మరాదన్న హద్దుకూ ఇది లోబడి ఉంటుంది.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. ఇరవై జానమాజులు వచ్చాయనుకుందాం. పుస్తకంలో పద్నాలుగు పేర్లున్నాయి. ఆ సాయంత్రమే పొరుగింటివారు డబ్బు చేత పట్టుకుని వచ్చి అయిదు అడుగుతారు. కళ్ళముందు ఇరవై ఉన్నాయి, ఇచ్చేస్తాం. మరొకరు వచ్చి మూడు పట్టుకెళతారు. వారం క్రితం పేరు రాయించుకున్నవారిలో ఇద్దరికి లేకుండా పోతుంది. అందుకే మేము సరుకు రాగానే ముందుగా పద్నాలుగింటిపై పేర్ల చీటీలు అంటించి పక్క గదిలో పెడతాము. అమ్మడానికి ఉన్నవి ఆరే. రెండు రోజుల్లో ధర చెల్లించనివారి చీటీ తీసివేసి, వరుసలో తర్వాతి పేరుకు ఇస్తాము. ఈ నిబంధన కూడా పేరు రాసుకునేటప్పుడే చెబుతాము.

ఒకే వ్యక్తి సిద్ధంగా ఉన్న హిజాబును, సిద్ధంగా లేని జానమాజును కలిపి అడిగితే, రెండూ కలిపి పంపాలా, ఉన్నదాన్ని ముందు పంపాలా అని అడుగుతాము. రెండో కొరియర్ ఖర్చు ఎవరు భరించాలన్నదీ అప్పుడే తేల్చుకుంటాము. అడగకుండా ఆపి ఉంచితే, చేతిలో ఉన్న సరుకుకు కూడా మనమే ఆలస్యం కల్పించినవాళ్ళం అవుతాము.

అనంతపురం జిల్లా తల్లికి ఆ అబాయా సొమ్మంతా తిరిగి ఇచ్చాము. అబాయా తిప్పి పంపవద్దని, కూతురికి మా కానుకగా ఉంచుకోమని కోరాము. ఆమె ఒప్పుకోలేదు. అబాయా ఉంచుకుని, సొమ్మూ తిరిగి పంపింది. బక్రీదుకు మరో రెండు అబాయాలు కావాలని అడిగింది. అప్పటికి మా పుస్తకంలో యాభై ఏడు పేర్లున్నాయి. ఆమె పేరు యాభై ఎనిమిది, యాభై తొమ్మిది సంఖ్యల దగ్గర రాసి, మే 28 అని చెప్పాము. "ఈసారి తేదీ నమ్మవచ్చా, ఆపా?" అని అడిగింది. ఆ తేదీ ఎలా వచ్చిందో లెక్కంతా ఆమెకు విప్పి చెప్పాము. మే 27న ఆ రెండు పొట్లాలు బయలుదేరాయి.